యోమ్ కిప్పూర్: ఉపవాసంతో తీరని బాకీ

2025లో మనకు విజయదశమి వచ్చిన అక్టోబరు 2నే యూదులకు యోమ్ కిప్పూర్ కూడా వచ్చింది. అంతకుముందు ఏడాది అక్టోబరు 12న కూడా రెండూ ఒకే రోజు పడ్డాయి. ఇందులో వింతేమీ లేదు. యూదుల పంచాంగంలోనూ నెలలు చంద్రుణ్ని బట్టే నడుస్తాయి, రుతువులతో సరిపోవడానికి అప్పుడప్పుడూ అధికమాసం కలుపుతారు. యోమ్ కిప్పూర్ తిష్రీ నెల పదో రోజు, అంటే మన లెక్కలో ఇంచుమించు శుద్ధ దశమి. వాళ్ల అధికమాసం, మన అధికమాసం వేరువేరు ఏళ్లలో వచ్చినప్పుడు మాత్రం రెండింటికీ నెల తేడా వస్తుంది. 2026లో అలాగే యోమ్ కిప్పూర్ సెప్టెంబరు 20 సాయంత్రం మొదలై 21 రాత్రి ముగుస్తుంది, దసరా అక్టోబరుకు వెళ్తుంది.

తెలుగు బైబిలు చదివేవారికి ఇది లేవీయకాండంలోని ప్రాయశ్చిత్త దినంగా తెలుసు. ఆనాటి ఆలయంలో రెండు మేకపోతులు తెచ్చి చీట్లు వేసేవారు. ఒకటి బలి అయ్యేది, రెండోదాని మీద ప్రధాన యాజకుడు జనం పాపాలు ఒప్పుకుని ఎడారిలోకి పంపేవాడు. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చేశాక ఆ తంతు ఆగిపోయింది. ఇప్పుడు మిగిలినవి ఉపవాసం, ప్రార్థన, పాపాలు ఒప్పుకోవడం. అందుకే బయటివాళ్లు ఈ రోజును ఒక్క వాక్యంలో చెప్పేస్తారు: రోజంతా పస్తుండి దేవుణ్ని క్షమించమని అడిగే రోజు అని.

ఆ వాక్యం తప్పు కాదు, కానీ సగమే. మిగతా సగం క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మశాస్త్ర సంకలనంలో ఉంది. మనిషికీ దేవుడికీ మధ్య జరిగిన తప్పులకు యోమ్ కిప్పూర్ ప్రాయశ్చిత్తం అవుతుందని, మనిషికీ మనిషికీ మధ్య జరిగిన తప్పులకు మాత్రం బాధితుణ్ని సమాధానపరిచేదాకా కాదని అక్కడ స్పష్టంగా రాశారు. ధర్మశాస్త్రం వద్దన్న మాంసం తిన్న తప్పు పశ్చాత్తాపంతో, ఈ రోజు ప్రార్థనతో తుడుచుకుపోతుంది. పక్కింటాయన డబ్బు ఎగ్గొట్టిన తప్పు మాత్రం పాతిక గంటలు మంచినీళ్లు ముట్టకపోయినా అక్కడే ఉంటుంది. ఆ బాకీ ఆ మనిషిది, మాఫీ చేయాల్సిందీ అతనే. అతని తరఫున దేవుడు మాఫీ చేయడు.

ఈ ఒక్క నియమం రోజు స్వరూపాన్నే మార్చేస్తుంది. అసలు పని ఉపవాసం రోజున కాదు, అంతకుముందే జరగాలి. తిష్రీకి ముందు నెల ఎలూల్ మొదటి తేదీ నుంచి లెక్కేస్తే దాదాపు 40 రోజుల వ్యవధి దొరుకుతుంది. ఉపవాసానికి ముందు రోజు సాయంత్రం చివరి గడువు.

రూవేన్, షిమోన్

యూదు ధర్మశాస్త్ర గ్రంథాల్లో ఏ ఉదాహరణ చెప్పాలన్నా రూవేన్, షిమోన్ అనే ఇద్దరు వస్తారు, మన లెక్కల పుస్తకాల్లో రాముడు, సోముడు వచ్చినట్టు. వాళ్లనే తీసుకుందాం. ఇద్దరూ కలిసి సామాన్ల కొట్టు నడుపుతున్నారు. రూవేన్ లెక్కల్లో మాయ చేసి షిమోన్ వాటాలోంచి 18,000 షెకెళ్లు మిగుల్చుకున్నాడు. అది చాలక, సరుకు వేసే ఇద్దరు వ్యాపారులతో "షిమోన్ చేతికి డబ్బివ్వకండి, నమ్మదగినవాడు కాదు" అన్నాడు. డబ్బు తేడా వచ్చిందని షిమోన్‌కు తెలిసింది. తన గురించి అన్న మాటలు మాత్రం ఇంకా చెవిన పడలేదు. ఎలూల్ నెల వచ్చింది, రూవేన్‌కు మనసు మళ్లింది. ఇప్పుడేం చేయాలి?

మొదట డబ్బు. 12వ శతాబ్దపు ధర్మశాస్త్రవేత్త మైమోనిడీస్ దీన్ని క్రమబద్ధంగా రాశాడు: దోచుకున్నది తిరిగి ఇవ్వాలి, ఇచ్చాక కూడా వెళ్లి క్షమించమని అడగాలి. రెండూ చేయాలి. డబ్బు జేబులో పెట్టుకుని అడిగే క్షమాపణకు విలువ లేదు. డబ్బు బ్యాంకులో వేసేసి మొహం చాటేసినా చాలదు, ఎందుకంటే షిమోన్ పోగొట్టుకున్నది 18,000 ఒక్కటే కాదు, మోసపోయానన్న కష్టం కూడా అనుభవించాడు. ఒక్కసారిగా అంత ఇచ్చుకోలేకపోతే వాయిదాలు అడగవచ్చు, కానీ ఒప్పుకోవాల్సింది షిమోన్. డబ్బు ప్రసక్తే లేకుండా మాటతో మాత్రమే నొప్పించినా వెళ్లి బతిమాలాల్సిందేనని మైమోనిడీస్ చేర్చాడు.

తర్వాత అడగడం. మొదటిసారి స్వయంగా వెళ్లాలి. వేరొకరి చేత కబురు పెట్టడం తక్కువ రకం పద్ధతి, ముఖాముఖి వెళ్తే అవతలివాడికి కోపం ఇంకా పెరుగుతుందని తెలిసినప్పుడు మాత్రమే మధ్యవర్తిని పంపుతారు. వెళ్లి ఏం చేశాడో చెప్పాలి: "కొట్టు లెక్కల్లో నీ వాటా 18,000 తగ్గించి రాశాను. ఇదిగో ఆ డబ్బు. నన్ను క్షమించు." ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. "నావల్ల ఎప్పుడైనా ఏదైనా నొచ్చుకుని ఉంటే క్షమించు" అంటే ఏ తప్పూ ఒప్పుకున్నట్టు కాదు. ఆ "ఉంటే" అన్న మాట అసలు నొప్పి కలిగిందా అన్న సందేహాన్ని బాధితుడి మీదికి నెడుతుంది. ఈ రోజుల్లో యోమ్ కిప్పూర్ ముందు ఇలాంటి సందేశం ఒకటి తయారుచేసి ఫోనులో ఉన్న అందరికీ పంపేవారు చాలామంది. స్నేహితులు వెంటనే "క్షమించాం" అని జవాబిస్తారు. వాళ్లతో ఏ గొడవా లేదు కాబట్టి వాళ్లకు ఇబ్బంది లేదు. నిజంగా ఎవరి గుమ్మం తొక్కాలో ఆ ఒక్క గుమ్మం మాత్రం తొక్కకుండా మిగిలిపోతుంది. ఈ తప్పు కొత్తది కూడా కాదు. సన్నిహితులను క్షమాపణ అడిగి, వైరం ఉన్నవారిని వదిలేయడం గురించి బోధకులు ఫోన్లు రాకముందు నుంచే హెచ్చరిస్తూ వచ్చారు.

తప్పు పేరు పెట్టి చెప్పాలన్న దానికి ఒక మినహాయింపు ఉంది. చెప్పడం వల్ల అవతలివాడు సిగ్గుతో కుంగిపోయేలా ఉంటే వివరం లేకుండా అడగవచ్చు. రూవేన్ రెండో తప్పు, అంటే వ్యాపారుల దగ్గర అన్న మాటలు, సరిగ్గా ఈ చిక్కులోనే పడతాయి. షిమోన్‌కు ఆ సంగతి తెలియదు. చెప్పి క్షమాపణ అడగాలా, చెప్పకుండా ఉండాలా? దీని మీద 19వ శతాబ్దపు లిథువేనియా ప్రాంతపు ఇద్దరు గొప్ప రబ్బీల, అంటే యూదు మతగురువుల, పేర్లతో రెండు వాదాలు నిలిచాయి. చాడీల విషయంలో ధర్మశాస్త్రాన్ని ప్రత్యేకంగా క్రోడీకరించిన ఇస్రాయేల్ మేయిర్ కగాన్, బాధితుడికి తెలియకపోయినా నష్టం జరిగి ఉంటే వెళ్లి చెప్పి అడగాల్సిందే అన్నాడు. ఇస్రాయేల్ సలాంటర్ ఒప్పుకోలేదు. నీ పాపం కడుక్కోవడానికి అవతలివాడికి కొత్త గాయం చేసే హక్కు నీకు ఎవరిచ్చారన్నది ఆయన వాదం. నా దృష్టిలో సలాంటర్ మాటే బరువైనది. అడిగేవాడి మనశ్శాంతి కంటే బాధితుడి మనశ్శాంతిని ముందు పెట్టిన వాదం అది. ఇప్పుడు ఎవరైనా ఈ ప్రశ్నతో రబ్బీ దగ్గరికి వెళ్తే, ఆయన ముందు అడిగేది ఆ మాటల వల్ల జరిగిన నష్టం గురించే, చెబితే సంబంధం మిగులుతుందా తెగుతుందా అనే.

చెప్పినా చెప్పకపోయినా ఒక పని మాత్రం తప్పదు. ఆ ఇద్దరు వ్యాపారుల దగ్గరికి వెళ్లి "నేను చెప్పింది అబద్ధం" అనాలి. షిమోన్ ముందు కన్నీళ్లు పెట్టుకోవడం కంటే ఇది కష్టం, ఎందుకంటే ఇక్కడ రూవేన్ పోగొట్టుకునేది తన పరువు.

అవతలివాడు క్షమించకపోతే

షిమోన్ "ఇప్పుడు కాదు, వెళ్లు" అన్నాడనుకుందాం. అక్కడితో అయిపోదు. మూడుసార్లు అడగాలని నియమం, ఒంటరి ప్రయత్నం ఫలించకపోతే షిమోన్‌కు సన్నిహితులైన ముగ్గుర్ని వెంటబెట్టుకుని వెళ్లాలి. ప్రతిసారీ అదే మాట అప్పజెప్పకుండా వేరే తీరులో ప్రయత్నించాలని తరువాతి వ్యాఖ్యాతలు చెప్పారు. ముగ్గురు ఎందుకంటే, వాళ్లు ఒకవైపు షిమోన్‌ను మెత్తబరుస్తారు, మరోవైపు రూవేన్ నిజంగానే వచ్చి అడిగాడనడానికి సాక్షులవుతారు. మూడోసారి కూడా కాదంటే ఇక అతని బాధ్యత తీరినట్టే. మైమోనిడీస్ ఒక అడుగు ముందుకేసి, ఇప్పుడు తప్పు క్షమించని వాడిదే అంటాడు. గురువు విషయంలో మాత్రం ఈ లెక్క చెల్లదు. నొచ్చుకున్నది గురువైతే వెయ్యిసార్లయినా వెళ్లాల్సిందే.

మూడు అనేది కనీస బాధ్యత మాత్రమే, దానితో గొడవ తీరుతుందన్న హామీ లేదు. మిష్నా మీద తరువాతి పండితుల చర్చల సంకలనమైన తల్ముద్‌లో ఒక సంఘటన ఇది బాగా చూపిస్తుంది. రావ్ అనే పండితుడు గురువు ముందు పాఠం చదువుతుండగా ఒక పెద్ద మనిషి లోపలికి వచ్చాడు. అతని కోసం రావ్ పాఠం మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మరొకరు వచ్చారు, మళ్లీ మొదటికి. ఇంకొకరు, మళ్లీ. నాలుగోసారి రబ్బీ హనీనా వచ్చేసరికి "ఎన్నిసార్లని వెనక్కి వెళ్లను" అని ఆపకుండా చదివేశాడు. హనీనా మనసు కష్టపెట్టుకున్నాడు. రావ్ పదమూడేళ్లు, ప్రతి యోమ్ కిప్పూర్ ముందు రోజు, హనీనా దగ్గరికి వెళ్లాడు. హనీనా కరగలేదు. మూడుసార్లతో ఆగొచ్చు కదా అని తల్ముద్ అడుగుతుంది. రావ్ స్థాయి మనిషికి అది చాలదని జవాబిస్తుంది. ఇంత చిన్న విషయానికి పదమూడేళ్ల పట్టుదల ఎందుకని హనీనా గురించి కూడా అడుగుతుంది. రావ్ త్వరలో పెద్ద పదవికి వస్తాడని హనీనాకు ఒక కలలో సూచన కనిపించిందట. ఇక్కడ తాను క్షమించకుండా ఉంటే రావ్ బాబిలోనియాకు వెళ్లి అక్కడ బోధిస్తాడని హనీనా ఆలోచన. గ్రంథం ఈ కథను ఎక్కడా తీర్పుతో ముగించదు. క్షమించని వాడి మనసులో మనకు కనబడని కారణం ఉండొచ్చని ఒప్పుకుని అక్కడే వదిలేస్తుంది.

క్షమించడం కూడా బాధ్యతే. మనస్ఫూర్తిగా అడిగినవాడిని కావాలని తిప్పించుకోవడం క్రూరత్వం అంటారు. కానీ బాధితుణ్ని బలవంతంగా క్షమింపజేసే నియమం కాదిది. అతనికి రెండు చోట్ల కాదనే హక్కు ఉంది. అడిగేవాడి మంచికోసమే, అతను తప్పు తీవ్రత గ్రహించేదాకా కొంత కాలం పట్టి ఉండవచ్చు. రెండోది, అబద్ధపు నింద వేసిన వాడిని క్షమించి తీరాలన్న నియమం లేదు. దీనికి చెప్పే కారణం సూటిగా ఉంటుంది: నింద విన్నవాళ్లలో ఎందరో తర్వాత జరిగిన క్షమాపణ వినరు. షిమోన్‌కు ఆ వ్యాపారుల సంగతి తెలిసి ఉంటే, డబ్బు విషయం క్షమించి నింద విషయం క్షమించకుండా ఉండే హక్కు అతనికి ఉంటుంది.

ఈ హద్దులన్నీ ఉపవాసం మొదలవబోయే ముందు చాలామంది చదువుకునే ఒక ప్రార్థనలో కూడా కనిపిస్తాయి. నన్ను నొప్పించిన అందర్నీ క్షమిస్తున్నానని అందులో అంటూనే రెండు మినహాయింపులు పెడతారు. న్యాయస్థానంలో రాబట్టుకోగల డబ్బు వదులుకోవడం లేదు. "ఇప్పుడు చేసేద్దాం, వీడు ఎలాగూ క్షమిస్తాడు" అనుకుని చేసినవాడిని క్షమించడం లేదు. ఈ రెండో మాట దేవుడి విషయంలోనూ ఉంది. పాపం చేసి యోమ్ కిప్పూర్‌లో కడుక్కుంటా అనుకునేవాడికి యోమ్ కిప్పూర్ పనిచేయదని మిష్నా నేరుగానే చెప్పింది.

అసలు తప్పు చేసినవాడు రాకపోతే? తల్ముద్‌లో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. రబ్బీ జేయిరా తనకు అన్యాయం చేసినవాడి కంటపడేలా అటూ ఇటూ తిరిగేవాడు, అతనికి నోరు తెరిచే అవకాశం దొరకాలని. ఇంతకుముందు చెప్పిన రావ్ కూడా తనను నొప్పించిన ఒక కసాయివాడి కోసం ఎదురుచూసి, అతను రాకపోయేసరికి తానే వెళ్లాడు. దారిలో ఎదురైన శిష్యుడు హూనా విషయం విని, రావ్ ఒక మనిషి ప్రాణం తీయడానికి వెళ్తున్నాడని అన్నాడు. కసాయి జంతువు తల నరుకుతున్నాడు. తలెత్తి చూసి "నీతో నాకు పనిలేదు, పో" అన్నాడు. ఆ క్షణంలో ఎముక ముక్క ఎగిరి గొంతుకు తగిలి చచ్చిపోయాడు. జేయిరా ఇచ్చింది అవకాశం. రావ్ వెళ్లి నిలబడటం మంచి మనసుతోనే అయినా అవతలివాడికి అది నిలదీతగా తగిలింది. బాధితుడు చొరవ తీసుకోవాలనుకుంటే ఈ రెండింటి మధ్య తేడా చూసుకోవాలి.

ఇక షిమోన్ ఈలోగా చనిపోయాడనుకుందాం. రూవేన్ పదిమందిని వెంటబెట్టుకుని సమాధి దగ్గర నిలబడి, ఇశ్రాయేలు దేవుడికీ ఫలానా షిమోన్‌కూ తాను ఈ తప్పు చేశానని పైకి చెప్పాలి. డబ్బు షిమోన్ వారసులకు ఇవ్వాలి. వారసులెవరో తెలియకపోతే ధర్మసభ దగ్గర జమచేసి ఒప్పుకోలు చెప్పాలి. మనిషి పోయినా అతనికి ఇవ్వాల్సిన డబ్బు రూవేన్ సొంతం కాదు.

ఒంటికి శిక్ష, ఎంత వరకు

మనుషులతో లెక్క తేలాక వచ్చే రోజు ఉపవాసం. బైబిలు మొదటి ఐదు పుస్తకాలైన తోరాలో ఈ రోజుకు "ఉపవాసం" అన్న మాట లేదు. తెలుగు బైబిలులో కనిపించే "మిమ్మును మీరు దుఃఖపరచుకొనవలెను" అన్నదే మూలం. దాన్ని మిష్నా ఐదు నిషేధాలుగా విడదీసింది: తిండీ నీళ్లూ, స్నానం, ఒంటికి నూనె రాసుకోవడం, తోలు చెప్పులు, దాంపత్యం. వీటికి తోడు వారానికోసారి వచ్చే విశ్రాంతి దినమైన సబ్బాతులాగా పనులన్నీ ఆగిపోతాయి. మన ఏకాదశి ఉపవాసంలో పాలో పండో పుచ్చుకోవడం మామూలే. ఇక్కడ గుక్కెడు నీళ్లు కూడా లేవు. సూర్యాస్తమయానికి కొద్దిసేపు ముందు మొదలుపెట్టి మర్నాడు చుక్కలు పొడిచేదాకా, సుమారు 25 గంటలు. తోలు చెప్పులు వద్దు కాబట్టి మంచి తెల్లబట్టల కింద గుడ్డ చెప్పులు, రబ్బరు చెప్పులు వేసుకుని ప్రార్థనామందిరానికి వచ్చేవాళ్లను చూడవచ్చు.

ముందు రోజు బాగా తినడం కూడా ధర్మమే. తొమ్మిదో రోజు తిని తాగినవాడు తొమ్మిదీ పదీ రెండు రోజులూ ఉపవాసం ఉన్నట్టే లెక్క అని తల్ముద్ అంటుంది. ఉపవాసంలో ఎక్కువమందిని పడగొట్టేది ఆకలి కాదు, దాహమూ తలనొప్పీ. రోజూ మూడు నాలుగు కప్పుల కాఫీ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే మధ్యాహ్నానికి తల పగిలిపోతుంది. అందుకే వారం ముందు నుంచే రోజుకు కొంత చొప్పున తగ్గించుకుంటూ వస్తారు. చివరి భోజనంలో ఉప్పూ కారం తగ్గిస్తారు, నీళ్లు ఒక్కసారిగా కాకుండా రోజంతా కొద్దికొద్దిగా తాగుతారు.

పిల్లలకు పూర్తి ఉపవాసం ఆడపిల్లలకు 12, మగపిల్లలకు 13 ఏళ్ల నుంచి. తొమ్మిదేళ్లలోపు పిల్లల చేత పస్తు ఉంచరు. ప్రసవమైన మొదటి మూడు రోజులు తల్లి తినాల్సిందే. ఆ తర్వాత ఏడో రోజు వరకు ఆమె తనకు కావాలంటే చాలు, ఇవ్వాలి.

జబ్బు చేసినవారి విషయం కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ప్రాణం మీదికి వచ్చే తప్పులు ఇక్కడే జరుగుతాయి. ప్రాణాపాయం ఉన్నచోట ఉపవాసం లేదు, ఇందులో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. వైద్యుడు తినాలంటే, రోగి "నాకేం అక్కర్లేదు" అన్నా తినిపించాలి. రోగి "నాకు కావాలి" అంటే, వందమంది వైద్యులు వద్దన్నా రోగి మాటే వింటారు, తన బాధ తనకే తెలుసని. ఏ అనుమానం వచ్చినా మొగ్గు తినేవైపే.

ప్రమాదం వెంటనే లేదు గానీ ఏమీ తీసుకోకపోతే రావచ్చు అన్నప్పుడు ఒక మధ్యమార్గం ఉంది. తోరా చెప్పిన శిక్ష వర్తించాలంటే గింజతో సహా పెద్ద ఖర్జూరం అంత తినాలి, లేదా ఒక బుగ్గ నిండే నీళ్లు తాగాలి, అది కూడా నిర్ణీత సమయంలోపు. కాబట్టి అంతకంటే తక్కువ తీసుకుని, ఎడమిచ్చి మళ్లీ తీసుకుంటారు. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం తిండి ఒక్కసారికి 30 మిల్లీలీటర్ల పరిమాణం లోపు, నీళ్లు సుమారు 40 మిల్లీలీటర్ల లోపు, ఒకటి ముగిశాక మరొకటి మొదలుపెట్టడానికి తొమ్మిది నిమిషాల ఎడం. బుగ్గ కొలత మనిషిని బట్టి మారుతుంది. అందుకే ముందు రోజే నోరు నిండా నీళ్లు పట్టి గిన్నెలో ఉమ్మి, దానిలో సగం ఎంతో చూసుకుని, మందు సీసా మూతల్లాంటి చిన్న గిన్నెలను గుర్తుపెట్టి సిద్ధం చేసుకుంటారు. తిండికీ నీళ్లకూ లెక్క విడివిడిగానే. గంటకు ఆరుసార్లు తాగితే 200 మిల్లీలీటర్ల పైన నీళ్లు లోపలికి వెళ్తాయి, చాలామంది గర్భిణులకూ వృద్ధులకూ ఇది సరిపోతుంది.

ఈ పద్ధతితో వచ్చే ప్రమాదం ఏమిటంటే, పూర్తిగా తినాల్సినవాళ్లు కూడా దీనికి దిగడం. ఇన్సులిన్ తీసుకునే మధుమేహ రోగికి చక్కెర పడిపోయి చెమటలు, వణుకు వస్తున్నప్పుడు గడియారం చూస్తూ 30 మిల్లీలీటర్లు కొలవడం ధర్మం కాదు. అప్పుడు కావాల్సినంత వెంటనే తీసుకోవాలి. అందుకే వైద్యుణ్నీ రబ్బీనీ ఇద్దర్నీ కొన్ని రోజుల ముందే అడగాలి, ఆ రోజు కళ్లు తిరిగాక కాదు. తినాల్సి వచ్చిన మనిషి ఆ రోజు పుణ్యం పోగొట్టుకున్నట్టు కాదని చూపించే ఆచారం ఒకటుంది. భోజనానంతర ప్రార్థనలో పండుగ రోజు చేర్చే వాక్యాలను ఆ రోగి కూడా చేర్చి చదువుతాడు. ఉపవాసం రోజున తిన్నవాడు కూడా ఆ రోజును పాటిస్తున్నట్టే లెక్క.

దేవుడి ముందు

మనుషుల బాకీ ఎంతైనా తీరిందనుకున్నాకే సాయంత్రం కోల్ నిద్రే మొదలవుతుంది. చీకటి పడకముందే గాయకుడు అరమేయిక్ భాషలో మూడుసార్లు పాడే మొక్కుబడుల రద్దు ఇది. గాయకుడి రెండు వైపులా తోరా చుట్టలు పట్టుకుని ఇద్దరు నిలబడతారు, ముగ్గురూ కలిసి ధర్మసభ అవుతారు. దీన్ని అపార్థం చేసుకున్నవాళ్లు, యూదులు ఇచ్చిన మాటలన్నీ ఏడాదికోసారి చెరిపేసుకుంటారని శతాబ్దాలపాటు నింద వేశారు. అసలు రద్దయ్యేవి మనిషి తనకు తానుగా దేవుడి ముందు పెట్టుకున్న మొక్కులే. ఇంకొకరికి ఇచ్చిన మాట, రాసిన పత్రం, ఒప్పుకున్న బాకీ వీటిని ఇది తాకదు. రూవేన్ 18,000 ఇంకా ఇవ్వకపోతే, కోల్ నిద్రే పూర్తయ్యాక కూడా అంతే బాకీ ఉన్నాడు.

ఆ తర్వాత రాత్రీ పగలూ కలిపి ఐదు ప్రార్థనల్లో పదిసార్లు పాపాల ఒప్పుకోలు చెబుతారు. దీన్ని విద్దూయ్ అంటారు. నిలబడి, కొద్దిగా వంగి, ఒక్కో పాపం పేరు చెబుతూ పిడికిలితో గుండె మీద మెల్లగా తట్టుకుంటారు. ఉపవాసం ముందు మధ్యాహ్న ప్రార్థనలోనే ఒకసారి చెప్పేస్తారు, చివరి భోజనంలో ఏదైనా జరిగి ఆ మాట నోట రాకముందే పోతామేమోనన్న భయంతో. ఈ పాఠం హీబ్రూ అక్షరమాల వరుసలో ఉంటుంది, ప్రతి మాటా బహువచనంలో: మేం నేరం చేశాం, మేం ద్రోహం చేశాం, మేం దోచుకున్నాం. ఎన్నడూ దొంగతనం చేయనివాడు కూడా "దోచుకున్నాం" అంటాడు, పక్కన నిలబడ్డ రూవేన్ ఒంటరిగా ఆ మాట అనాల్సిన అవసరం రాకుండా.

జాగ్రత్తగా చూస్తే ఆ జాబితాలో సగానికి పైగా మనుషుల మధ్య తప్పులే: చాడీలు, వ్యాపారంలో మోసం, లంచం, అబద్ధం. వాటిని దేవుడు మాఫీ చేయడన్నప్పుడు దేవుడి ముందు ఎందుకు చెప్పుకోవడం? ఎందుకంటే షిమోన్‌ను మోసం చేయడంలో తప్పులు రెండు. షిమోన్‌కు అన్యాయం ఒకటి, "దొంగిలించకు" అన్న ఆజ్ఞ మీరడం మరొకటి. మొదటిది షిమోన్ మాఫీ చేయాలి, రెండోది దేవుడు. రెండు గుమ్మాలూ తట్టాల్సిందే, మొదటి గుమ్మం తెరుచుకోకుండా రెండోదాని దగ్గరికి రావద్దన్నదే మిష్నా మాట.

ఉదయం చదివే యెషయా ప్రవక్త గ్రంథ భాగం ఆకలితో ఉన్న జనానికి గట్టిగానే తగులుతుంది. నేను కోరే ఉపవాసం ఇదా అని దేవుడు అడుగుతాడు, తల జమ్ములా వంచుకోవడమా, లేక ఆకలిగొన్నవాడికి నీ రొట్టె పంచి పెట్టడమా అని. మధ్యాహ్నం యోనా కథ చదువుతారు. నీనెవె ప్రజలు పశువుల చేత కూడా ఉపవాసం చేయించారు, కానీ దేవుడు చూసింది వారు చెడు దారి విడిచిన పనులనే అని అక్కడ రాసి ఉంటుంది. పొద్దు వాలాక నెయిలా అనే చివరి ప్రార్థన, ద్వారాలు మూసుకునే వేళ అని. మహారాష్ట్ర కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయెల్ యూదులు ఈ రోజుకు పెట్టుకున్న మరాఠీ పేరు దార్‌ఫాల్నిచా సణ్‌కు కూడా తలుపులు మూసే పండుగ అనే అర్థం. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే బెనె ఎఫ్రాయీమ్ సముదాయం తెలుగువాళ్లదే.

నెయిలా ముగింపులో పొట్టేలు కొమ్ముతో చేసిన షోఫర్ ఒక్కసారి ఊదుతారు. అయితే తినడానికి ఇంటికి పరిగెత్తే ముందు మామూలు రోజు రాత్రి ప్రార్థన ఒకటి ఉంది. రోజూ చెప్పేదే, అందులో ఒక వాక్యం "మా తండ్రీ, మేం పాపం చేశాం, మమ్మల్ని క్షమించు" అని. పాతిక గంటల ఉపవాసం, పదిసార్ల ఒప్పుకోలు అయ్యి నిమిషాలు కూడా గడవకముందే ఆ వాక్యాన్ని వదలకుండా చదువుతారు. తర్వాత దీపం మీద, ద్రాక్షరసం మీద దీవెన చెప్పి, నీళ్లు తాగి, ఐదు రోజుల్లో రాబోయే పర్ణశాలల పండుగ కోసం పందిరికి మొదటి కర్ర ఆ రాత్రే పాతుతారు.